చీలికా, దుర్బోధా, సంస్కరణా? కాన్‌స్టాన్స్ సభ ఆధారంగా తేల్చుకునే పద్ధతి

చర్చి చరిత్ర చదివే బృందంలో, 1415లో కాన్‌స్టాన్స్ సభ తీర్పుతో దహనమైన ప్రాగ్ ప్రసంగీకుడు యాన్ హుస్ పేరు రాగానే మాట రెండు పాయలవుతుంది. ఆయన సంస్కర్త అని సగం మంది, రోమ్ దృష్టిలో దుర్బోధకుడు కదా అని మిగతా సగం. ఇంతలో ఎవరో ఒకరు, అదే సమయంలో ముగ్గురు పోపులు ఉన్నారు కాబట్టి ఇదంతా చీలికలో భాగమే అంటారు. ముగ్గురూ కొంతవరకు సరిగ్గానే చెబుతున్నారు, అందుకే వాదన తెగదు. తెగాలంటే ఈ మూడు మాటలనూ గుణాలుగా చూడటం మాని, ఎవరో ఒక తేదీన చేసిన పనులుగా చూడాలి. చరిత్రకారులు చేసేది అదే. ఆ పని ఎలా చేస్తారో ఒకే ఒక సంఘటన మీద చూద్దాం.

ఆ సంఘటన కాన్‌స్టాన్స్ సభ. జర్మనీ దక్షిణపు అంచున, రైన్ నది సరస్సులోంచి బయటికి వచ్చే చోట ఉన్న ఊరు అది. 1414 నవంబరు నుంచి 1418 ఏప్రిల్ దాకా పశ్చిమ యూరప్ బిషప్పులు, విశ్వవిద్యాలయ పండితులు, రాజుల దూతలు అక్కడ కూర్చున్నారు. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. సభ తన పనిని తానే మూడు పద్దుల కింద విడగొట్టుకుంది: ఐక్యత వ్యవహారం, విశ్వాస వ్యవహారం, సంస్కరణ వ్యవహారం. మొదటిది చీలిక గురించి, రెండోది దుర్బోధ గురించి, మూడోది పేరులోనే ఉంది. మనం వేసుకోవాల్సిన గళ్లు ఆ కాలపు మనుషులే గీసి పెట్టారు. వాళ్లు ఏ మనిషిని ఏ గడిలో పెట్టారు, పెట్టినది నిలిచిందా అన్నది చూడటమే మన పని.

ఈ వ్యాసంలో స్కిజం అనేదానికి చీలిక, హెరెసీ అనేదానికి దుర్బోధ అని వాడుతున్నాను. మీ బృందం వేరే మాటలు వాడుతుంటే అవే వాడండి. మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

మొదటి అడుగు: ఈ గొడవ ఏం జరిగితే ఆగుతుంది?

పుస్తకాల్లో నిర్వచనాలు ఉన్నాయి. నాలుగో శతాబ్దం చివర జెరోమ్ అనే పండితుడు తేడా చెప్పాడు: దుర్బోధ సిద్ధాంతాన్ని వంకర చేస్తుంది, చీలిక బిషప్పుతో విభేదించి సంఘం నుంచి వేరు చేస్తుంది. పన్నెండో శతాబ్దంలో చర్చి చట్టాలను కూర్చిన గ్రేషియన్ ఆ మాటనే తన సంకలనంలోకి తీసుకున్నాడు. నిర్వచనం తెలిసి ఉండటం మంచిదే. కానీ ఒక పత్రం చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు అది పెద్దగా సాయపడదు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఎవరు ఏం చేస్తే ఈ గొడవ ఆగిపోతుంది?

ముగ్గురు పోపుల విషయం మీద ఈ ప్రశ్న వేయండి. 1378లో ఒకే కార్డినళ్ల బృందం మొదట ఆరవ అర్బన్‌ను ఎన్నుకుంది. కొన్ని నెలలకు, జనం భయపెడితే ఎన్నుకున్నామని చెప్పి ఏడవ క్లెమెంట్‌ను ఎన్నుకుంది. ఒకరు రోమ్‌లో, ఇంకొకరు అవిన్యోన్‌లో స్థిరపడ్డారు. ఇంగ్లండు, ప్రాగ్ రాజధానిగా ఉన్న బొహేమియా రోమ్ వైపు. ఫ్రాన్సు, స్కాట్లండు అవిన్యోన్ వైపు. 1409లో పీసాలో సమావేశమై ఇద్దరినీ తొలగించామని ప్రకటించి మూడో వ్యక్తిని ఎన్నుకున్నారు. మొదటి ఇద్దరూ దిగలేదు కాబట్టి లెక్క మూడుకు చేరింది. ఇంత జరిగినా ఏ పక్షమూ అవతలి పక్షం కంటే వేరే దేవుణ్ణి, వేరే సంస్కారాలను నమ్మలేదు. సియెనా కాథరీన్ రోమ్ పక్షాన నిలిచింది, విన్సెంట్ ఫెర్రర్ అవిన్యోన్ పక్షాన. తరువాత ఇద్దరినీ అదే చర్చి పునీతులుగా ప్రకటించింది. గొడవ ఆగడానికి ఎవరి నమ్మకమూ మారనక్కరలేదు. కుర్చీలోంచి దిగాల్సినవాళ్లు దిగి, అందరూ ఒప్పుకున్న ఒకరు ఎక్కితే చాలు. అలాగే ఆగింది కూడా: 1417 నవంబరు 11న ఐదవ మార్టిన్ ఎన్నికయ్యాడు. ఇది చీలిక.

హుస్ మీద ఇదే ప్రశ్న వేయండి. ప్రాగ్‌లో బెత్లెహేం ప్రార్థనాలయంలో చెక్ భాషలో ప్రసంగించే పండితుడాయన. పదవి వదులుకుంటానన్నా, ప్రాగ్ విడిచి వెళ్తానన్నా సభకు సరిపోదు. ఆయన రాతల్లోంచి తీసిన వాక్యాలను తప్పని ఒప్పుకుని, ప్రమాణపూర్వకంగా వదులుకోవాలి. అది తప్ప మరేదీ ఆ కేసును మూయదు. అంటే సభ దాన్ని దుర్బోధ కేసుగా నడుపుతోంది. ఆయన నిజంగా దుర్బోధకుడా అన్నది ఇంకా తేలలేదు, దానికి మూడో అడుగు దాకా ఆగండి.

సంస్కరణ మీద వేస్తే జవాబు మరోలా ఉంటుంది. పోపు ఆస్థానం వసూలు చేసే పన్నులు, పదవుల అమ్మకం, ఒకే మనిషి చేతిలో పోగుపడే పదవులు, ఏళ్ల తరబడి ఊరి మొహం చూడని బిషప్పులు. వీటికి మందు కొత్త నిబంధన. 1417 అక్టోబరు 9న సభ అలాంటిదొకటి చేసింది: తరువాతి మహాసభ ఐదేళ్లకు, దాని తరువాతది ఏడేళ్లకు, ఆపైన పదేళ్లకొకటి జరగాలి. ఎవరూ దిగలేదు, ఎవరూ ప్రమాణం చేసి నమ్మకం మార్చుకోలేదు, పని జరిగే తీరు మారింది. కనీసం కాగితం మీద.

కాబట్టి బృందంలో ఒక పత్రం చదవగానే ముందు ఈ జవాబు రాసుకోండి. దిగాలా, వదులుకోవాలా, మార్చాలా? జవాబు ఒక్కటే రాకపోతే కంగారు పడొద్దు. అక్కడే అసలు చరిత్ర ఉంటుంది.

రెండో అడుగు: పేరు పెట్టింది ఎవరు, ఏ తేదీన?

కాగితం మీద నిలువుగా తేదీలు రాసి, ప్రతి తేదీ పక్కన మూడు విషయాలు నింపండి: ఎవరు మాట్లాడుతున్నారు, ఏ పేరు వాడారు, ఆ పేరు వాడే అధికారం వాళ్లకు ఎక్కడిది. హుస్ విషయంలో ఈ పట్టిక తయారైతే సగం వాదనలు వాటంతట అవే ఆగిపోతాయి.

1403లో ప్రాగ్ విశ్వవిద్యాలయంలో జర్మన్ పండితులు ఇంగ్లండు పండితుడు జాన్ విక్లిఫ్ రాతల్లోంచి తీసిన 45 వాక్యాలను ఖండించారు. అప్పటికి విక్లిఫ్ చనిపోయి దాదాపు ఇరవై ఏళ్లు. చెక్ పండితుల్లో చాలామందికి విక్లిఫ్ అంటే అభిమానం. ఇది మొదట్లో పండితుల తగాదా, అందులో రెండు జాతుల పోటీ కలిసి ఉంది.

1409లో బొహేమియా రాజు వెన్‌సెస్లాస్ రోమ్ పోపును వదిలి పీసా సమావేశం వైపు తిరగాలనుకున్నాడు. ప్రాగ్ ఆర్చిబిషప్పు జ్బినెక్ ఒప్పుకోలేదు, జర్మన్ పండితులూ ఒప్పుకోలేదు, చెక్ పండితులు ఒప్పుకున్నారు. రాజు వెంటనే విశ్వవిద్యాలయపు ఓట్ల లెక్క మార్చి చెక్‌లకు మూడు ఓట్లు, మిగతా జాతులన్నిటికీ కలిపి ఒకటి ఇచ్చాడు. జర్మన్ పండితులు ప్రాగ్ వదిలి వెళ్లారు, వాళ్లలో చాలామంది చేరగా లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం పుట్టింది. ఈ ఒక్క గడిని జాగ్రత్తగా చూడండి. హుస్‌కూ ఆర్చిబిషప్పుకూ మధ్య దూరం పెరగడానికి ఒక ముఖ్య కారణం విశ్వాసం కాదు, ఏ పోపును ఒప్పుకోవాలన్న ప్రశ్న. అంటే చీలిక వచ్చి దుర్బోధ కేసుకు ఊపిరి పోసింది.

మరుసటి ఏడు జ్బినెక్ విక్లిఫ్ పుస్తకాలను తగలబెట్టించాడు, హుస్‌ను వెలివేశాడు. 1412లో పీసా వంశపు పోపు ఇరవై మూడవ జాన్ నేపుల్స్ రాజు మీద యుద్ధానికి డబ్బు కోసం పాపక్షమా పత్రాలు ప్రాగ్‌లో అమ్మించాడు. హుస్ వాటిని బహిరంగంగా ఎదిరించాడు. అమ్మకంలో వాటా వస్తుందనుకున్న రాజు మద్దతు అక్కడితో పోయింది. విషయం చూస్తే ఇది నూటికి నూరు పాళ్లూ సంస్కరణ పద్దులోది: డబ్బు, దుర్వినియోగం. జరిగింది మాత్రం అవిధేయత కింద మరింత కఠినమైన వెలి. తన పై అధికారులెవరూ న్యాయం చేయరని తేల్చుకుని ఆ అక్టోబరులో హుస్ నేరుగా క్రీస్తుకే అప్పీలు చేసుకున్నాడు. చర్చి న్యాయవాదులకు అది నవ్వొచ్చే విషయం, ఎందుకంటే అలాంటి కోర్టు వాళ్ల చట్టంలో లేదు. కానీ ఆ అప్పీలుతో ఆయన చర్చి న్యాయవ్యవస్థ అంచు దాటాడు. చరిత్రకారులు అక్కడ గుర్తు పెట్టుకుంటారు.

పట్టిక ఇంతవరకు నింపితే మీకే కనిపిస్తుంది: 1415కు ముందు హుస్ మీద పడిన శిక్షలు ఎక్కువగా మాట వినకపోవడం గురించి. దుర్బోధ అన్న ముద్ర తీర్పుగా పడింది కాన్‌స్టాన్స్‌లోనే. ఆయన ఎప్పటినుంచో దుర్బోధకుడు అని రాసే పుస్తకం తేదీలను వెనక్కి జరుపుతోందని అర్థం.

మూడో అడుగు: అభియోగాన్ని నిందితుడి వాక్యం పక్కన పెట్టి చదవండి

ఎక్కువ సమయం పెట్టాల్సిన అడుగు ఇది. దుర్బోధ విచారణలో మన చేతికి అందేది సాధారణంగా ముక్కలు చేసిన వాక్యాలు. నిందితుడి పుస్తకంలోంచి ఒక వాక్యం తీసి, చుట్టూ ఉన్న షరతులు వదిలేసి, నంబరు వేసి పెడతారు. అదృష్టవశాత్తూ హుస్ విషయంలో మన దగ్గర రెండు వైపులూ ఉన్నాయి. చర్చి గురించి ఆయన 1413లో రాసిన గ్రంథం ఉంది, సభ తీర్పు ఉంది. ఆయన వెంట వెళ్లిన పీటర్ మ్లాదొన్యొవిత్సె విచారణలు చూసి రాసిన కథనం కూడా ఉంది. పీటర్ హుస్ మనిషి కాబట్టి ఆయన కథనాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. కానీ రెండు వైపులూ ఒప్పుకునే చోట్లు చాలా ఉన్నాయి.

హుస్ 1414 నవంబరు మొదట్లో జర్మన్ రాజు సిగిస్మండ్ ఇచ్చిన రక్షణ హామీ మీద వచ్చాడు, ఆ నెలాఖరుకే బందీ అయ్యాడు. బహిరంగ విచారణలు 1415 జూన్ 5, 7, 8 తేదీల్లో ఫ్రాన్సిస్కన్ మఠం భోజనశాలలో జరిగాయి. జూన్ 7 ఉదయం సూర్యగ్రహణం పట్టిందని పీటర్ రాశాడు. ఆ రోజు యూరప్‌లో గ్రహణం నిజంగానే వచ్చింది కాబట్టి సాక్షి తేదీల విషయంలో జాగ్రత్తగలవాడని తెలుస్తుంది. ఇలాంటి చిన్న విషయాలు దొరికినప్పుడు సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఆ రోజు జరిగినది ఒకటి చూడండి. ప్రశ్నించేది కార్డినల్ పియెర్ దైయీ, పారిస్‌కు చెందిన గొప్ప తార్కికుడు. ప్రభు భోజనంలో రొట్టె అభిషేకం తరువాత కూడా రొట్టెగానే ఉండిపోతుందని విక్లిఫ్ చెప్పాడు, అది ఖండితమైన బోధ. హుస్ కూడా అదే నమ్ముతాడని అభియోగం. నేను ఎన్నడూ అలా చెప్పలేదని హుస్ అన్నాడు. అప్పుడు దైయీ దారి మార్చాడు. సామాన్యాలు వస్తువుల్లో వాస్తవంగా ఉంటాయని ఒప్పుకుంటావా అని అడిగాడు. అది తత్త్వశాస్త్రంలోని ప్రశ్న, మనిషితనం అనేది మనుషుల్లో నిజంగా ఉందా, కేవలం పేరా అన్న పాత చర్చ. హుస్ ఒప్పుకుంటానన్నాడు. అలాగైతే రొట్టె ఉండిపోతుందని కూడా నువ్వు నమ్మాల్సిందే, ఒకటి ఒప్పుకుంటే రెండోది తప్పదు అని దైయీ వాదన. హుస్ మళ్లీ కాదన్నాడు. చివరికి ఇంగ్లండు పండితుల్లోనే ఒకరు లేచి, ఈ తత్త్వశాస్త్రానికీ విశ్వాసానికీ సంబంధం లేదు, సంస్కారం విషయంలో ఆయన సరిగ్గానే చెబుతున్నాడు అన్నాడు.

ఇక్కడ చరిత్రకారుడు రాసుకునేది ఇది: ఈ అభియోగం నిందితుడు చెప్పినదాని మీద నిలబడలేదు, చెప్పాల్సి వచ్చేదని ఇతరులు అనుకున్నదాని మీద నిలబడింది. మీ పట్టికలో ఇలాంటి వాటికి వేరే రంగు వాడండి.

ఇప్పుడు వ్యతిరేక దిశలో ఉన్న ఉదాహరణ. చర్చి అంటే దేవుడు రక్షణకు ముందుగా ఎంచుకున్నవారి సమూహమని హుస్ తన గ్రంథంలో నిజంగానే రాశాడు. ఇది ముక్క చేసిన వాక్యం కాదు, పుస్తకానికి వెన్నెముక. ఎంపికైనవారు ఎవరో దేవుడికే తెలుసు కాబట్టి, పోపు పదవిలో ఉన్నవాడు ఆ సమూహంలో ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. ఇక పోపు చర్చికి శిరస్సు అని ఎలా అంటాం? పాపక్షమా పత్రాల అమ్మకం గురించిన ఫిర్యాదు డబ్బు గురించి మాత్రమే. ఈ వాక్యం మొత్తం అధికారం ఎక్కడ నిలబడుతుందో దాన్నే కదుపుతుంది. విచారణకు వచ్చిన 39 వాక్యాల్లో 26 ఈ గ్రంథంలోంచే తీశారంటే సభకు నిజంగా గుచ్చుకున్నది ఏదో తెలుస్తుంది. నా ఉద్దేశంలో హుస్‌ను అమాయకంగా ఇరుక్కున్న సంస్కర్తగా చూపే పుస్తకాలు ఈ గ్రంథాన్ని సరిగా చదవలేదు.

రెండిటి మధ్యా వేలాడేది కూడా ఒకటి ఉంది. ఘోర పాపంలో ఉన్న పోపు పోపు కాడని హుస్ రాశాడని అభియోగం. దేవుడి దృష్టిలో యోగ్యుడైన పోపు కాడని నా భావం, పదవి రద్దవుతుందని కాదు, అతడిచ్చే సంస్కారాలు చెల్లుతాయి అని హుస్ వివరణ. అంతటితో ఊరుకుంటే ఏమయ్యేదో. రాజుకైనా అంతే, ఘోర పాపంలో ఉన్న రాజు దేవుడి ముందు యోగ్యుడైన రాజు కాడు అన్నాడు. సిగిస్మండ్ అప్పుడు కిటికీ దగ్గర నిలబడి వేరేవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఆయన్ను పిలిచి ఈ మాట మళ్లీ చెప్పించారు. పాపం లేకుండా ఎవరూ బతకరని సిగిస్మండ్ జవాబు. మతాధికారులను కిందికి లాగింది చాలక రాజులను కూడా లాగుతావా అని దైయీ అందుకున్నాడు. విశ్వాసం గురించిన విచారణలో హఠాత్తుగా రాజ్యం గురించిన భయం బయటపడిన క్షణమది. వాక్యం మారలేదు, దాని బరువు మారింది.

చివరికి తీర్పులో 30 వాక్యాలు మిగిలాయి. అన్నీ వదులుకుంటానని ప్రమాణం చేయమన్నారు. నేను ఎన్నడూ అనని వాటిని వదులుకుంటానంటే వాటిని ఒకప్పుడు అన్నానని అబద్ధ ప్రమాణం చేసినట్లవుతుందని హుస్ నిరాకరించాడు. ఇక్కడ ఒక చట్ట సూక్ష్మం తెలిసి ఉండాలి. ఆ కాలపు చర్చి చట్టంలో తప్పు నమ్మినంత మాత్రాన దుర్బోధకుడు కాడు. తప్పని చెప్పిన తరువాత కూడా మొండిగా పట్టుకుని ఉండాలి. ఆ నిరాకరణే మొండితనానికి రుజువైంది. 1415 జూలై 6న ఆయన్ను సజీవంగా దహనం చేసి బూడిదను రైన్ నదిలో కలిపారు.

నాలుగో అడుగు: శిక్షలను పక్కపక్కన పెట్టండి

మాటల కంటే శిక్షలు తేడాను బాగా చూపిస్తాయి. హుస్ దహనానికి రెండు రోజుల ముందు, జూలై 4న, రోమ్ పోపు పన్నెండవ గ్రెగరీ రాజీనామా సభలో చదివారు. దిగిపోయినందుకు ఆయనకు కార్డినల్ హోదా మిగిలింది. పీసా వంశపు ఇరవై మూడవ జాన్ సంగతి ఇంకా విచిత్రం. సభను పిలిచిందే ఆయన. పరిస్థితి తనకు ఎదురు తిరుగుతోందని మార్చి నెలలో మారువేషంలో పారిపోయాడు. పట్టి తెచ్చి మే 29న పదవి తీసేశారు. పదవుల అమ్మకం, అపకీర్తికరమైన ప్రవర్తన, పారిపోవడం కారణాలుగా చూపారు. కొన్నేళ్లు ఖైదులో ఉన్నాక 1419లో మళ్లీ కార్డినల్ అయ్యాడు. ఫ్లోరెన్సు బాప్తిస్మ మందిరంలో దొనతెల్లో, మికెలొట్సొ మలచిన అందమైన సమాధిలో ఉన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా సాగిన చీలికలో తలలుగా నిలిచినవారికి ఈ మర్యాద, ఒక పదవీ లేని ప్రసంగీకుడికి చితి. చీలికను రాజీతో మూయవచ్చని, దుర్బోధను మూయలేమని సభ నమ్మిందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

అయితే మూడోవాడు, అవిన్యోన్ పోపు పదమూడవ బెనెడిక్ట్, ఈ చక్కటి గీతను చెరిపేస్తాడు. ఆయన ఎంత చెప్పినా దిగలేదు, స్పెయిన్ తీరంలో పెనిస్కొలా కోటలో కూర్చున్నాడు. 1417 జూలై 26న సభ ఆయన్ను తొలగిస్తూ చీలికను పోషించినవాడని మాత్రమే అనలేదు, దుర్బోధకుడని కూడా అంది. చర్చి ఒక్కటే అన్నది విశ్వాస ప్రకటనలోని మాట, తెలిసి తెలిసి చీలికను లాగేవాడు ఆ మాటను నమ్మనట్టే కదా అన్నది తర్కం. బెనెడిక్ట్ ఒక్క సిద్ధాంతమూ మార్చలేదు. పేరు మాత్రం ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జారింది. ఏ చీలికా తనను సమర్థించుకోవడానికి ఒక దుర్బోధను కల్పించుకోకుండా ఉండదని జెరోమ్ ముందే అన్నాడు. మీరు చదివే ఏ కేసులోనైనా చీలిక ఎక్కువ కాలం సాగితే ఈ జారుడు కోసం చూస్తూ ఉండండి.

ఇంకో చేదు నిజం. హుస్‌ను విచారించినవారిలో దైయీ, ఆయన శిష్యుడు జాన్ గెర్సన్ ఇద్దరూ ఆ కాలపు పేరున్న సంస్కర్తలే. పోపు ఆస్థానపు అవినీతి మీద వాళ్లూ ఘాటుగా రాశారు. సభ పోపు కంటే పైది అని 1415 ఏప్రిల్ 6న తీర్మానించింది కూడా వాళ్ల వర్గమే. దుర్వినియోగం గురించి రాసినంత మాత్రాన ఎవరూ చితికెక్కలేదు. తీర్పు చెప్పే అధికారం సభకే ఉందని ఒప్పుకుంటూ విమర్శించేవాడు లోపలి సంస్కర్త. ఆ అధికారాన్నే ప్రశ్నించేవాడు బయటివాడు. పోపును దించిన సభకు తన అధికారం అప్పటికి కొత్త, దాన్ని ఎవరూ ముట్టుకోవడం సహించే స్థితిలో లేదు.

ఐదో అడుగు: తరువాత ఎవరు ఎవరిని అభిషేకిస్తున్నారో చూడండి

ఉద్యమం నిజంగా వేరుపడిందా అని తేల్చడానికి నినాదాలు చూడొద్దు, చర్చి గురువులు ఎక్కడినుంచి వస్తున్నారో చూడండి. హుస్ మరణం తరువాత బొహేమియా తిరగబడింది. 1420లో నాలుగు డిమాండ్లు పెట్టారు: స్వేచ్ఛగా ప్రసంగం, సామాన్యులకు రొట్టెతో పాటు ద్రాక్షరసం కూడా, మతాధికారులకు లౌకిక ఆస్తి అధికారాలు వద్దు, బహిరంగ పాపాలకు శిక్ష. మొదటి అడుగులోని ప్రశ్న వేస్తే నాలుగూ మార్చాల్సిన పనులే. అయినా వాళ్ల మీద పోపు పవిత్ర యుద్ధం ప్రకటించాడు.

వాళ్లలోనే రెండు దారులున్నాయి. తాబోర్ కొండ మీద చేరినవారు 1420లో తమకు తామే బిషప్పును ఎన్నుకున్నారు. పాత అభిషేక పరంపర అక్కడితో తెగింది. వాళ్లు ఏ పేరు పెట్టుకున్నా ఆ పని చీలిక. ప్రాగ్ మితవాదులు మాత్రం అలా చేయలేదు. తమ యువకులను రోమ్‌తో సంబంధమున్న బిషప్పుల దగ్గరికే అభిషేకానికి పంపారు. తాము ఎన్నుకున్న ఆర్చిబిషప్పు రొకిత్సానాను గుర్తించమని దశాబ్దాల పాటు రోమ్‌ను అడిగారు, రోమ్ గుర్తించలేదు. ఇంత మొండిగా లోపలే ఉండాలనుకున్నవారిని చీలినవారని రాయడం కష్టం.

ద్రాక్షరసం విషయం ఇంకా నేర్పుతుంది. సామాన్యులకు గిన్నె ఇవ్వడాన్ని కాన్‌స్టాన్స్ సభ 1415 జూన్ 15న నిషేధించింది, నిషేధాన్ని మొండిగా కాదనేవారిని దుర్బోధకులుగా చూడాలంది. 1436లో, తరువాతి మహాసభల్లో ఒకటైన బాసెల్ సభతో కుదిరిన ఒప్పందం ప్రకారం బొహేమియాలో అదే పనికి అనుమతి వచ్చింది. 1462లో పోపు రెండవ పయస్ ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. యాభై ఏళ్లలో ఒకే గిన్నె దుర్బోధకు గుర్తు అయింది, అనుమతి ఉన్న ఆచారం అయింది, మళ్లీ నిషిద్ధం అయింది. గిన్నెలో ఏమీ మారలేదు. అందుకే తేదీ లేకుండా ఈ పేర్లు రాయకూడదు.

ఆరో అడుగు: తరువాతి కాలం అంటించిన పేర్లను తీసేయండి

పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కరణ నడిపిన లూథర్ గెలిచాక, అంతకు ముందున్న చరిత్ర అంతా లూథర్ కోసమే జరిగినట్టు కనిపించడం మొదలైంది. చెక్ భాషలో హుస్ పేరుకు బాతు అన్న అర్థం వస్తుంది. ఇప్పుడు బాతును కాలుస్తున్నారు, వందేళ్ల తరువాత వచ్చే హంసను కాల్చలేరు అని హుస్ జోస్యం చెప్పాడని, ఆ హంస తానేనని లూథర్ చెప్పుకున్నాడు. హుస్ తన పేరు మీద చమత్కారాలు ఆడిన మాట నిజమే. హంస జోస్యం మాత్రం వెనక నుంచి అతికించింది. సంస్కరణకు ముందస్తు దూత అన్న బిరుదు కూడా ఇలాంటిదే. నమ్మకం వల్లే నీతిమంతులవుతారన్న లూథర్ మూలసూత్రం హుస్‌లో లేదు. రొట్టె విషయంలో ఆయన చివరిదాకా పాత బోధనే పట్టుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దపు చెక్ జాతీయవాదులకు ఆయన భాష కోసం పోరాడిన వీరుడు. 1999లో రెండవ జాన్ పాల్ పోపు హుస్ క్రూర మరణానికి గాఢ విచారం వ్యక్తం చేశాడు. అది తీర్పు రద్దు కాదు, దాన్ని అలా రాసేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇవన్నీ మీ కాగితంలో వేరే పేజీలో ఉండాలి. 1415 గురించి ఇవి సాక్ష్యం కావు, అవి పుట్టిన కాలం గురించి మంచి సాక్ష్యం.

చివరగా వాక్యం రాయండి

ఇంత చేశాక బృందంలో ప్రతి ఒక్కరూ ఒక పేరా రాసి చదవాలి. హుస్ దుర్బోధకుడు అని గానీ హుస్ సంస్కర్త అని గానీ రాస్తే వెనక్కి ఇచ్చేయండి. ఇలా రాయవచ్చు: ప్రాగ్‌లో మొదలైన సంస్కరణ ప్రసంగాలు 1409 నాటి పోపుల చీలిక వల్ల రాజకీయంలో చిక్కుకున్నాయి. 1412 దాకా హుస్ మీద పడిన శిక్షలు ప్రధానంగా అవిధేయతకు. 1415లో కాన్‌స్టాన్స్ సభ ఆయన్ను దుర్బోధకుడిగా తీర్పు చెప్పింది. ఆ తీర్పులోని కొన్ని వాక్యాలు ఆయన చెప్పనివి, కొన్ని షరతులు తీసేసినవి, చర్చి స్వభావం గురించినవి మాత్రం ఆయన నిజంగా నమ్మినవి, సభ అధికారానికి నిజంగా అడ్డొచ్చినవి. ఆయన అనుచరుల్లో తాబోరీయులు 1420లో వేరుపడ్డారు, ప్రాగ్ మితవాదులు వేరుపడలేదు. పేరా పొడుగైందని ఎవరైనా గొణిగితే, ఇందులో ఏ ముక్క తీసేస్తే అబద్ధం కాకుండా ఉంటుందో వాళ్లనే చూపించమనండి.

ఈ పద్ధతి చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి ఉత్తర ఆఫ్రికాలోని డోనటిస్టుల మీద ప్రయత్నించండి. నాలుగో శతాబ్దం మొదట్లో కార్తేజ్ బిషప్పు ఎన్నిక చెల్లుతుందా అన్న దగ్గర మొదలైన గొడవ అది. హింసల కాలంలో పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించినవాడి చేత అభిషేకం పొందాడన్నది ఆ బిషప్పు మీద ఆరోపణ. 405లో హొనొరియస్ చక్రవర్తి శాసనం వాళ్లను దుర్బోధకుల లెక్కలో చేర్చింది, వాళ్లు చేసే రెండో బాప్తిస్మాన్ని కారణంగా చూపింది. 411లో కార్తేజ్‌లో ఇరుపక్షాల బిషప్పులూ ఎదురెదురుగా కూర్చున్నారు, మాటామాటా రాసిన నమోదు చాలావరకు నిలిచి ఉంది. దాన్ని చదువుతూ మొదటి అడుగులోని ప్రశ్న వేయండి: అక్కడ కూర్చున్నవారిలో ఎవరు ఏం చేసి ఉంటే గొడవ ఆగేది?